పేరు మారలేదు, మనిషి మారాడు

మా జిల్లాలో మగవాళ్ళ పేర్ల సంగతి తెలిసినవాళ్ళకి చెప్పనక్కర్లేదు. అన్నవరం కొండమీది స్వామి దయవల్ల వీధికి నలుగురికి ఒకే పేరు. పెళ్ళయిన ఏడాదికే వ్రతం, వ్రతం అయిన ఏడాదికి కొడుకు, ఆ కొడుక్కి స్వామి పేరు. ఇంట్లో పిలుచుకోవడానికి ముద్దుపేర్లు వేరే ఉంటాయి గానీ, రక్తపరీక్షకి వచ్చినప్పుడు ముద్దుపేరు ఎవరూ రాయించరు కదా.

నేను రాజమండ్రిలో ఒక రక్తపరీక్షల ల్యాబులో రిపోర్టులు చూసే పనిలో ఉన్నాను. చదివింది కంప్యూటర్ల డిగ్రీ, చేసేది కాగితాల పని. అందుకని చేతులు ఊరుకోవు. ఎక్కడ ఏ పని రెండుసార్లు చెయ్యాల్సి వస్తుందో అక్కడ నాకు కోపం వస్తుంది. మా ఇంట్లోవాళ్ళు దీన్ని బద్ధకం అంటారు. నేను తెలివి అంటాను.

ల్యాబు సాఫ్ట్‌వేరు బ్రౌజరులో నడుస్తుంది. రిపోర్టుల జాబితాలో ఒక్కో మనిషికి ఒక్కో వరస: రిజిస్ట్రేషన్ నంబరు, ఇంటిపేరులో మొదటి అక్షరం, పేరు, వయసు, పరీక్ష, ఫలితం. అంతే. దాన్ని తయారుచేసిన కంపెనీవాళ్ళకి ఇంటిపేరంటే ఒక అక్షరం. ఒకే అక్షరం, ఒకే పేరు ఉన్నవాళ్ళు ఒకే పొద్దున ముగ్గురొస్తే, వాళ్ళలో కోరుకొండవాళ్ళెవరో కడియంవాళ్ళెవరో తెలియాలంటే ఒక్కొక్కరి వరసా నొక్కి లోపలికి వెళ్ళి, అడ్రసు చూసి, బయటికి రావాలి. రోజుకి ఎన్నిసార్లని వెళ్ళొస్తాం?

అందుకని నేనొక యూజర్‌స్క్రిప్టు రాసుకున్నాను. అంటే ఎవరో చేసిన పేజీ మన బ్రౌజరులో తెరుచుకున్నాక దానిమీద మన చేత్తో చేసుకునే చిన్న మరమ్మతు. అవతలివాళ్ళ సాఫ్ట్‌వేరు జోలికి పోదు. మన తెరమీద కనబడేది మాత్రం మారుతుంది. రిసెప్షన్‌లో నేను విడిగా ఒక షీటు ఉంచుకుంటాను, నంబరుకి ఎదురుగా పూర్తి ఇంటిపేరు, ఊరు, ఫోను. స్క్రిప్టు ఆ షీటు ముందే చదివి పెట్టుకుని, జాబితాలో ప్రతి పేరు పక్కనా పచ్చటి అక్షరాలతో ఆ మూడూ చూపిస్తుంది. మేం దాన్ని 'పచ్చచీటీ' అనేవాళ్ళం.

దానిమీద అందరికన్నా ఎక్కువ ఆధారపడింది మా సీనియర్ టెక్నీషియన్. ఇరవై ఏళ్ళుగా ఆ ల్యాబులోనే ఉన్నావిడ. అందరం మేడమ్ అంటాం. ఏదైనా ఫలితం ప్రమాదంగా కనిపిస్తే వెంటనే ఆ ఇంటికి ఫోను చేసేది ఆవిడే. పచ్చచీటీలో ఫోను నంబరు కళ్ళముందే ఉంటుంది కాబట్టి క్షణాల్లో చేసేవారు. "ఇది లేకపోతే నాకు చెయ్యి విరిగినట్టే అమ్మా" అన్నారొకసారి. ఆ మాటకి నేను వారం రోజులు నేలమీద నడవలేదు.

అలా రెండేళ్ళు హాయిగా నడిచింది. తరవాత ఒక సోమవారం కంపెనీవాళ్ళు సాఫ్ట్‌వేరు మార్చారు.

చూడ్డానికి బాగానే ఉంది. వేగంగా ఉంది. ఏ బటను నొక్కినా ఇదివరకటిలా పేజీ తెల్లబడి మళ్ళీ రావడం లేదు, ఉన్నచోటే లోపలి సరుకు మారిపోతోంది. పైన అడ్రసు కూడా మారుతోంది గానీ పేజీ మాత్రం పొద్దున తెరిచిన పేజీయే. నా స్క్రిప్టుకి అదే ముప్పు తెచ్చింది. అది పేజీ లోడయినప్పుడు ఒక్కసారి పరిగెత్తేలా రాసింది. ఇదివరకు ప్రతి నొక్కుకీ కొత్త పేజీ వచ్చేది, ప్రతి పేజీకీ స్క్రిప్టు లేచేది. ఇప్పుడు పొద్దున ఎనిమిదింటికి ఒక్కసారి లేచి, జాబితా ఇంకా రాకముందే ఖాళీ పేజీని చూసి, పనేం లేదనుకుని పడుకుంటోంది. పచ్చచీటీలు మాయం.

"ఏంటమ్మా, నీ పచ్చరంగు పోయింది?" అన్నారు మేడమ్.

"రేపటికి తెస్తానండి" అన్నాను. కందకి లేని దురద కత్తిపీటకెందుకు అని ఇప్పుడనిపిస్తుంది గానీ, అప్పుడు నా పరువు సమస్య.

దీనికి మందు ఏంటో నాకు తెలుసు. బ్రౌజరులో మ్యుటేషన్ అబ్జర్వర్ అని ఒకటుంటుంది. పేజీలో ఫలానా చోట ఏదైనా చేరినా, పోయినా, మారినా నాకు చెప్పు అని దాన్ని కాపలా పెట్టొచ్చు. అది చెప్పినప్పుడల్లా మన స్క్రిప్టు వెళ్ళి చూసుకుంటుంది. పేజీ లోడవడంతో సంబంధం లేదు. మొదట జాబితా పెట్టెకి కాపలా పెట్టాను. వేరే పేజీకి వెళ్ళి తిరిగొస్తే పనిచెయ్యలేదు. చూస్తే, వెళ్ళినప్పుడు ఆ పెట్టెనే తీసి పారేస్తున్నారు, తిరిగొచ్చినప్పుడు కొత్త పెట్టె కడుతున్నారు. నా కాపలాదారు మాత్రం పారేసిన పెట్టె ముందే కూర్చున్నాడు పాపం. సరేనని పేజీ మొత్తానికి, అన్నిటికన్నా పైనుండే బాడీకి కాపలా పెట్టాను.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది. ఈసారి ట్యాబ్ బిగుసుకుపోయింది. మౌసు కదలదు, పేజీ కదలదు, కంప్యూటరు ఫ్యాను మాత్రం రైసుమిల్లులా మోగుతోంది. కాసేపు తిట్టుకున్నాక వెలిగింది. నేను చీటీ అతికించడం కూడా పేజీలో మార్పే. మార్పు జరిగిందని కాపలాదారు పిలుస్తాడు, స్క్రిప్టు వెళ్ళి ఇంకో చీటీ అతికిస్తుంది, అదీ మార్పే, మళ్ళీ పిలుస్తాడు. వాడి తప్పేం లేదు. చెప్పిన పని చేస్తున్నాడు.

అప్పుడు చేసిన పనే నా కొంప ముంచింది. ప్రతి వరసకీ చీటీ అతికించాక, కంటికి కనబడని ముద్ర ఒకటి వేశాను. ముద్ర అంటే 'చూశాను' అని ఒక గుర్తు, అంతే. ముద్ర ఉన్న వరస జోలికి మళ్ళీ వెళ్ళకు, లేనిదానికే చీటీ పెట్టు అని రాశాను. ట్యాబ్ బిగుసుకోవడం ఆగింది. వేరే పేజీకి వెళ్ళొచ్చాను, చీటీలు వచ్చాయి. పదిసార్లు వెళ్ళొచ్చాను, పదిసార్లూ వచ్చాయి. మంగళవారం సాయంత్రం మేడమ్ కంప్యూటర్లో పెట్టేసి, ఇంటికి వెళుతూ దారిలో పుల్లట్లు కొనుక్కుని మరీ తిన్నాను. జాబితా పైనున్న బటన్లు నొక్కి చూడాలని మాత్రం నా బుర్రకి తట్టలేదు.

మర్నాడు బుధవారం. పొద్దున పదింటికి మేడమ్ యంత్రంలోంచి ఒక పొటాషియం ఫలితం వచ్చింది. ఆరు పాయింట్ తొమ్మిది. మామూలుగా అయిదు దాటకూడదు. అంత పెరిగితే గుండె కొట్టుకోవడం ఎప్పుడు తప్పుతుందో చెప్పలేం. శాంపిల్ చెడిపోయినా అలా చూపించవచ్చు కాబట్టి ఆవిడ రక్తం చూసి, మళ్ళీ వేసి చూశారు. మళ్ళీ అంతే వచ్చింది.

ఆవిడ తన కంప్యూటర్లో జాబితా పైనున్న, ప్రమాదంగా ఉన్న ఫలితాల్ని మాత్రమే చూపించే 'అత్యవసరం' బటను నొక్కారు. అంతవరకూ ఆ రోజు వచ్చినవాళ్ళందరూ ఉన్న జాబితా ఒక్క వరసకి కుదించుకుపోయింది. ఇంటిపేరు అక్షరం, స్వామి పేరు, పక్కన పచ్చచీటీలో పూర్తి ఇంటిపేరు, పిఠాపురం, ఫోను నంబరు. వెంటనే ఫోను కలిపారు. నేను పక్క బల్ల దగ్గరే ఉన్నాను.

ఒక ఆడమనిషి ఎత్తింది. ఆయన భార్యట. మేడమ్ నెమ్మదిగానే చెప్పారు, పొటాషియం బాగా ఎక్కువుంది, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి అని. స్పీకరులో ఆవిడ మాటకి అడ్డుపడింది.

"ఏంటండి, పొటాషియం ఏంటండి? ఆయన రాజమండ్రిలో మా అమ్మాయింట్లో ఉన్నారండి. పొద్దున ఆయన ఇచ్చింది సుగరు పరీక్ష ఒక్కటేనండి. ఆయనకేమైందండి?"

మేడమ్ నావైపు చూశారు. సుగరు ఒక్కటే ఇచ్చినవాళ్ళకి పొటాషియం ఎక్కణ్ణుంచి వస్తుంది?

"ఒక్క నిమిషం ఆగండమ్మా, మళ్ళీ చేస్తాను" అని పెట్టేశారు. తెరమీద వయసు చూశారు. అరవై మూడు. "పొద్దున సుగరుకిచ్చినాయన యాభై లోపే ఉంటాడు. నేనే గుచ్చాను. ఈ నంబరేంటి, ఈ మనిషేంటి?"

లేచి వెళ్ళి ఎఫ్ అయిదు నొక్కి పేజీని మొదటినుంచి తెప్పించాను. పైన అడ్రసులో అత్యవసరం అనే ఉంది కాబట్టి నేరుగా ఆ ఒక్క వరసే వచ్చింది. అదే అక్షరం, అదే పేరు. పచ్చచీటీలో మాత్రం ఇంటిపేరు వేరే, ఊరు కోరుకొండ, ఫోను వేరే.

జరిగింది ఇది. మొత్తం జాబితాలో మొదటి వరస పిఠాపురం ఆయనది. చీటీ పెట్టాను, ముద్ర వేశాను. బటను నొక్కగానే ఈ కొత్త సాఫ్ట్‌వేరు మొదటి వరసని తీసి పారెయ్యలేదు. అదే వరసని ఉంచుకుని, లోపలి నంబరూ వయసూ ఫలితమూ మాత్రం మార్చి, కోరుకొండ ఆయన్ని అందులో కూర్చోబెట్టింది. మిగతా వరసల్ని తీసేసింది. వరసలు పోయాయని కాపలాదారు పిలిచాడు కూడా. నా స్క్రిప్టు వెళ్ళింది, మొదటి వరసమీద ముద్ర చూసింది, ఇది చూసిందేలే అనుకుని తిరిగొచ్చేసింది. పాత చీటీ అలాగే ఉండిపోయింది. వేరే పేరైతే మేడమ్ ఇట్టే పట్టేసేవారు, అక్షరానికీ ఇంటిపేరుకీ పొంతన ఉండదు కదా. ఇక్కడ అక్షరమూ అదే, పేరూ అదే. పేరు మారలేదు, మనిషి మారాడు.

అదంతా నేను ఆలోచించింది తరవాత. అప్పుడు మాత్రం ఒకటే తెలుసు. కోరుకొండలో ఎవరో ఒకాయన గుండె ఆగిపోయేంత పొటాషియంతో ఇంట్లో కూర్చుని ఉన్నాడు, ఆయనకి చెప్పాల్సిన మాట మేం ఇంకో ఇంటికి చెప్పాం.

మేడమ్ ఈసారి పచ్చచీటీ చూడలేదు. వరస నొక్కి లోపలికి వెళ్ళి అడ్రసు పేజీలోంచి నంబరు చూసి కలిపారు. మోగింది, ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ కలిపారు. ఎత్తలేదు. నేను తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కాను. కోరుకొండ కొండ మెట్లన్నీ ఎక్కి వస్తానని నరసింహస్వామికి చెప్పుకున్నాను, నాకున్న మోకాళ్ళతో.

మూడోసారి ఎత్తారు. "పెరట్లో ఉన్నానండి, వినబడలేదు" అంది ఒక ఆడగొంతు. మేడమ్ ముందు ఇంటిపేరు అడిగారు. తరవాత వయసు, తరవాత ఏ పరీక్షలకి ఇచ్చారని. అన్నీ కలిశాయి.

"ఆయన ఎలా ఉన్నారమ్మా?"

"నీరసంగా ఉందన్నారండి. కాళ్ళు వాచాయని డాక్టరుగారు పరీక్షలు రాశారు కదండి, మీ దగ్గరికి వచ్చి వెళ్ళిన కాణ్ణుంచీ ఓపిక లేదంటున్నారు. అందుకని బొండం కొడుతున్నానండి, చెట్టుకాయే. ఒకటి తాగితే తేరుకుంటారని."

మేడమ్ కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "వద్దమ్మా. బొండం తాగించకండి. ఒక్క గుక్క కూడా వద్దు."

"బొండమే కదండి, ఏమవుతుందండి?" అంది ఆవిడ. ఆవిడకి అర్థం కాకపోవడంలో తప్పేముంది? గోదావరి జిల్లాల్లో జ్వరమొస్తే బొండం, వాంతులైతే బొండం, ఎండదెబ్బకి బొండం, ఏమీ లేకపోయినా బొండం. కొబ్బరి నీళ్ళు మనిషికి చెడు చేస్తాయంటే నమ్మే ఇల్లు మా వైపు ఒక్కటీ ఉండదు. కానీ కొబ్బరి నీళ్ళనిండా పొటాషియమే. మామూలు మనిషికి మంచిదే, కిడ్నీలు దాన్ని బయటికి పంపేస్తాయి. ఈయన కిడ్నీలు పంపడం మానేశాయని ఆ ఇంట్లో ఇంకా ఎవరికీ తెలియదు.

"తాగారా అమ్మా?" అని మేడమ్ మళ్ళీ అడిగారు.

"లేదండి. ఇంకా కొడుతున్నానండి. కత్తి నా చేతిలోనే ఉందండి."

మేడమ్ నిలబడే అన్నీ చెప్పారు, ఏ ఆసుపత్రికి తీసుకురావాలో, ఏం చెప్పాలో. రిపోర్టు మేమే ముందు పంపిస్తామన్నారు. మధ్యాహ్నానికల్లా ఆసుపత్రినుంచి ఫోను వచ్చింది, మందు ఎక్కిస్తున్నారు, గుండె పరీక్షలో తేడా ఉంది గానీ సమయానికి వచ్చారు అని. హమ్మయ్య అనే మాట నా జన్మలో అంత మనస్ఫూర్తిగా ఎప్పుడూ అనలేదు.

పిఠాపురం ఆవిడకి ఫోను నేనే చేశాను. తప్పు మాదేనని, మీ ఆయన రిపోర్టు శుభ్రంగా ఉందని చెప్పి క్షమించమన్నాను. నాలుగు తిడుతుందనుకున్నాను. "పోనీలెండి, ఆయనకేం లేదు కదా, అదే పదివేలు" అంది. "ఆ ఇంకొకాయనకి ఎలా ఉందండి?" అని కూడా అడిగింది. అప్పుడు ఏడుపొచ్చింది నాకు.

ల్యాబు డాక్టరుగారు సాయంత్రం మమ్మల్ని పిలిచి, పొద్దున తప్పు ఇంటికి ఫోను ఎలా వెళ్ళిందని అడిగారు. ఆయన అడిగింది మేడమ్‌ని, చూస్తున్నది ఆవిడవైపు. ఇరవై ఏళ్ళలో ఒక్క తప్పు లేనావిడ. నేను ఆవిడ నోరు తెరవకముందే, "ఆవిడ తప్పు కాదండి, నా స్క్రిప్టు తప్పండి" అన్నాను.

"అయితే తీసేయమ్మా దాన్ని" అన్నారాయన.

"తియ్యక్కర్లేదండి" అన్నారు మేడమ్. "తీసేస్తే ఈ పేర్లతో మేం రోజూ తికమకపడతాం. అది లేని రోజుల్లో పడ్డాం. సరిచెయ్యనివ్వండి. సరయిందో లేదో నేను చూస్తాను."

సరిచెయ్యడానికి గంట పట్టలేదు. అదే నాకు కోపం. ముద్రలో 'చూశాను' అని కాకుండా, చీటీ ఎవరికోసం పెట్టానో ఆ రిజిస్ట్రేషన్ నంబరు రాయించాను. వరసలు చేరినా పోయినా మాత్రమే కాదు, ఉన్న వరసలో అక్షరాలు మారినా పిలవమని కాపలాదారుకి చెప్పాను. పిలిచిన ప్రతిసారీ ప్రతి వరసలో ఇప్పుడున్న నంబరునీ ముద్రలోని నంబరునీ పోల్చి చూస్తుంది. ఒకటే అయితే ఏమీ చెయ్యదు, కాబట్టి ట్యాబ్ బిగుసుకోదు. తేడా ఉంటే ముందు పాత చీటీ పీకేస్తుంది, తరవాతే కొత్తది పెడుతుంది. షీటులో లేని నంబరైతే చీటీ లేకుండా వదిలేస్తుంది. తెలియనప్పుడు నోరు మూసుకోవడం దానికి నేర్పాను, నాకింకా రాలేదు. ఇదంతా తెరమీద బొమ్మ మారేలోపే జరిగిపోతుంది కాబట్టి పాత చీటీ కొత్త మనిషి పక్కన రెప్పపాటు కూడా కనబడదు. పోల్చింది పేరు కాదు, నంబరు. పేరు పోలిస్తే ఆ ఇద్దరూ ఒకరే అనుకునేది.

చీటీలో నంబరు కూడా వేయించాను. వరసలో ఉన్న నంబరూ చీటీలో ఉన్న నంబరూ కంటితో కలిపి చూసుకోవచ్చు.

మర్నాడు మేడమ్ భోజనాల వేళ కుర్చీ లాక్కుని కూర్చున్నారు. అత్యవసరం, అన్నీ, అత్యవసరం, నిన్నటివి, ఇవాళ్టివి, వేరే పేజీ, వెనక్కి. చేతిలో రిసెప్షన్ షీటు ప్రింటు, ఒక్కో నంబరూ చదువుతూ టిక్కు పెడుతున్నారు. క్యారేజీ చల్లారిపోయింది. నేను పక్కన పరీక్ష రాసిన పిల్లలా నిలబడ్డాను.

చివరికి కళ్ళజోడు తీశారు. "ఇక నమ్మొచ్చా దీన్ని?"

"నమ్మకండి. నంబరు చూడండి" అన్నాను.

"ఇప్పుడు దారికొచ్చావు" అని క్యారేజీ విప్పారు.

మూడు వారాలకి ఒక పొద్దున ల్యాబు ముందు ఆటో ఆగింది. ఒక పెద్దాయన, వెనక ఆయన భార్య, ఆవిడ వెనక డ్రైవరు మోసుకొస్తున్న బొండాల గెల. కాళ్ళ వాపు పోయింది, మనిషి కాస్త చిక్కారు. ఆయన నేరుగా మేడమ్ బల్ల దగ్గరికి వెళ్ళి దండం పెట్టారు.

"మా చెట్టుకాయలేనండి. నన్ను తాగొద్దన్నారు కదా. మీరు తాగితే చూసి పోదామని తెచ్చానండి."

"ఈ వేళ పరీక్ష ఉందా మీకు?" అన్నారు మేడమ్.

"ఉందండి. అదే పొటాషియం."

"అయితే ఇంటిపేరు చెప్పండి."

"అయ్యో, నన్ను గుర్తుపట్టలేదాండి?"

"గుర్తుపట్టాను కాబట్టే అడుగుతున్నాను. ఇంటిపేరు, ఊరు, నంబరు. అన్నీ చెప్పండి."

ఆయన నవ్వుతూ అన్నీ చెప్పారు. నంబరు రసీదు తీసి, కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, ఒక్కో అంకె విడదీసి చదివారు. రక్తం ఇచ్చి, భార్య పక్కన బెంచీమీద కూర్చున్నారు, ఫలితం చూసుకునే వెళతానని. డ్రైవరు కత్తి తెచ్చి కాయలు కొట్టాడు. మేడమ్ ఒకటి తీసుకుని నాకొకటి ఇచ్చారు.

ఫలితం వచ్చేసరికి నా చేతిలో బొండం సగం ఉంది. కుడిచేత్తో మౌసు పట్టుకుని అత్యవసరం బటను నొక్కాను. మొదటి వరస పోయింది, దానితోపాటు పచ్చచీటీ పోయింది. జాబితాలో ఒక్కరూ లేరు.

బెంచీమీదనుంచి ఆయన నావైపే చూస్తున్నారు. "మీ పేరు ఇందులో లేదండి" అన్నాను. ఆయన భార్య కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నేను మిగతా బొండం తాగేశాను.